ఏ థంబ్‌నెయిల్ గెలిచింది? క్లిక్కుల తేడాను నమ్మాలంటే

వీడియో తెరవకముందే ప్రేక్షకుడి కంటపడేది థంబ్‌నెయిల్. ఆ చిన్న బొమ్మ, దాని కింది శీర్షిక చూసే వీడియో తెరవాలా, పక్కకు జరపాలా అన్నది క్షణంలో తేల్చుకుంటాడు. బొమ్మ తెరమీద కనబడిన ప్రతిసారిని ఒక ఇంప్రెషన్ అంటారు. యూట్యూబ్ లెక్కలో బొమ్మ కనీసం సగం భాగం, ఒక సెకనుకు మించి తెరమీద నిలిస్తేనే అది ఇంప్రెషన్. నూరు ఇంప్రెషన్లకు ఎన్ని క్లిక్కులు వచ్చాయన్నదే క్లిక్ రేటు. వీడియోలు చేసేవాళ్లు వాడుకలో సీటీఆర్ అంటారు. యూట్యూబ్ చెప్పిన ప్రకారం అక్కడి ఛానళ్లలో, వీడియోలలో సగానికి ఈ రేటు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. అంటే బొమ్మ చూసినవాళ్లలో అత్యధికులు క్లిక్ చేయరు. రెండు బొమ్మలను పోల్చడంలో వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఒక వంటల యాప్‌లో గుత్తివంకాయ కూర వీడియోకు రెండు థంబ్‌నెయిళ్లు తయారుచేశారనుకుందాం. ఒకదాంట్లో గిన్నెలో నూనె తేలుతున్న కూర మాత్రమే దగ్గరగా కనబడుతుంది. దీన్ని కూర బొమ్మ అందాం. రెండోదాంట్లో అదే గిన్నెను వండినావిడ నవ్వుతూ చేతిలో పట్టుకుని ఉంటుంది. ఇది మనిషి బొమ్మ. యాప్ తెరిచినవాళ్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కూర బొమ్మ, మరో గుంపుకు మనిషి బొమ్మ చూపారు. ప్రతి గుంపులోను 2,000 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కసారే చూపారు. కూర బొమ్మకు 100 క్లిక్కులు, మనిషి బొమ్మకు 120 క్లిక్కులు వచ్చాయి. రేట్లు 5 శాతం, 6 శాతం.

మనిషి బొమ్మ 20 శాతం మెరుగని ఇక్కడ ప్రకటించవచ్చు. 100 మీద 120 అంటే 20 శాతం ఎక్కువే కాబట్టి లెక్కలో తప్పు లేదు. అయితే ఆ 20 క్లిక్కులు బొమ్మ గొప్పదనం వల్ల వచ్చాయా, గుంపులు విడదీసినప్పుడు వంకాయ ఇష్టపడేవాళ్లు కొందరు ఎక్కువగా రెండో వైపు పడటం వల్ల వచ్చాయా అన్నది ఆ శాతం చెప్పదు. అది తేల్చడానికే గణాంకశాస్త్రం రెండు సాధనాలు ఇచ్చింది. ఒకటి గణాంక సార్థకత పరీక్ష, రెండోది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే విశ్వాస్యత అంతరం.

ఒకే బొమ్మను ఇద్దరికీ చూపితే

తేడా నిజమైనదో కాదో తెలియాలంటే, అసలు ఏ తేడా లేనప్పుడు అంకెలు ఎంత అటూఇటూ అవుతాయో ముందు తెలియాలి. దానికి ఒక పద్ధతి ఉంది. రెండు గుంపులకూ ఒకే బొమ్మ చూపడం. ఈ పనిని ఏ/ఏ పరీక్ష అంటారు. బొమ్మ ఒకటే కాబట్టి వచ్చిన తేడా ఎంతైనా అది కేవలం యాదృచ్ఛికం.

ఆ ఒకే బొమ్మ అసలు క్లిక్ రేటు 5.5 శాతం అనుకుందాం. 2,000 మందికి చూపితే సగటున 110 క్లిక్కులు రావాలి. సరిగ్గా 110 రావడం అరుదు. ఈ పరీక్షను మళ్లీమళ్లీ చేస్తే నూటికి 95 సార్లు క్లిక్కులు సుమారు 90కి, 130కి మధ్య పడతాయి. రెండు గుంపుల మధ్య తేడా 20 క్లిక్కులు గానీ అంతకు మించి గానీ రావడం దాదాపు ఆరింట ఒకసారి జరుగుతుంది. బొమ్మ అదే, శీర్షిక అదే, చూసినవాళ్లూ ఒకే రకం మనుషులు. అయినా ప్రతి ఆరు పరీక్షల్లో ఒకదాంట్లో ఒక గుంపు రెండోదానికంటే 20 క్లిక్కులు ముందుంటుంది.

గుత్తివంకాయ ఉదాహరణలో వచ్చిన తేడా కూడా 20 క్లిక్కులే. బొమ్మల మధ్య ఏ భేదమూ లేకపోయినా ఇలాంటి ఫలితం ఆరింట ఒకసారి వచ్చేదే అయినప్పుడు, దాన్ని పట్టుకుని మనిషి బొమ్మ గెలిచిందని చెప్పడానికి ఆధారం చాలదు. అలాగని మనిషి బొమ్మ మెరుగు కాదని కూడా రుజువు కాలేదు. ఈ 4,000 ఇంప్రెషన్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సరిపోలేదు, అంతవరకే.

రేటు చుట్టూ ఉండే హద్దులు

5 శాతం అనేది 2,000 మందిలో కనబడిన రేటు. యాప్ వాడే లక్షలమందికీ చూపితే వచ్చే అసలు రేటు అదే కానక్కర్లేదు. ఆ అసలు రేటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో చెప్పే హద్దులే విశ్వాస్యత అంతరం. దీన్ని 1930లలో జెర్జీ నేమన్ అనే గణాంకవేత్త ఒక పద్ధతిగా నిలబెట్టాడు. ఆయన ప్రధాన వ్యాసం 1937లో వెలువడింది.

లెక్క కష్టమైనది కాదు. రేటును, ఒకటిలోంచి రేటు తీసివేయగా మిగిలినదాన్ని గుణించి, ఇంప్రెషన్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం వస్తుంది. కూర బొమ్మకు అది 0.49 శాతం పాయింట్లు. దాన్ని 1.96తో గుణిస్తే దాదాపు 0.96. ఆ మేరకు 5కు అటూఇటూ జరిపితే 95 శాతం విశ్వాస్యత అంతరం 4.04 నుంచి 5.96 దాకా అవుతుంది. మనిషి బొమ్మకు ఇదే లెక్కన 4.96 నుంచి 7.04.

95 శాతం అనే మాటకు అర్థం జాగ్రత్తగా చూడాలి. అది పద్ధతికి ఉన్న నమ్మకాన్ని చెబుతుంది. ఇదే తీరులో ఎన్నో పరీక్షలు చేసి, ప్రతిసారీ ఇలా హద్దులు గీస్తూ పోతే, నూటికి 95 సార్లు అసలు రేటు ఆ హద్దుల లోపల ఉంటుంది. మిగిలిన అయిదుసార్లు బయట పడుతుంది. చేతిలో ఉన్న ఈ ఒక్క అంతరం ఆ 95లోదా, అయిదులోదా అన్నది దాన్ని చూసి చెప్పలేం.

ఇంప్రెషన్లు పెరిగేకొద్దీ హద్దులు దగ్గరపడతాయి. కానీ ఆ దగ్గరపడటం వర్గమూలం లెక్కన జరుగుతుంది. వెడల్పు సగం కావాలంటే ఇంప్రెషన్లు నాలుగు రెట్లు కావాలి. ఒక నిర్ణయం రోజులో తేలకుండా రెండు మూడు వారాలు సాగడానికి కారణం ఇదే.

పోల్చేటప్పుడు చూడవలసింది తేడా హద్దులు

రెండు బొమ్మలకు విడివిడిగా అంతరాలు గీసి, అవి ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో చూడటం చాలామంది చేసే పని. అవి ఒకదానిమీద ఒకటి పడితే తేడా లేదని తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పుదారి పట్టిస్తుంది. అడిగిన ప్రశ్న రెండు రేట్ల మధ్య తేడా గురించి కాబట్టి, అంతరం కూడా ఆ తేడాకే కట్టాలి.

తేడాకు ప్రామాణిక దోషం రావాలంటే రెండు దోషాల వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఇది నిమిషం పని. రెండో వరసలో కూర బొమ్మ, మూడో వరసలో మనిషి బొమ్మ పెట్టి, B నిలువు వరసలో ఇంప్రెషన్లు, C నిలువు వరసలో క్లిక్కులు వేస్తే, మిగతా గడుల్లో రాయవలసినవి ఇవి:

```
D2:  =C2/B2
D3:  =C3/B3
E2:  =SQRT(D2*(1-D2)/B2 + D3*(1-D3)/B3)
F2:  =(D3-D2) - 1.96*E2
G2:  =(D3-D2) + 1.96*E2
```

F2 కింది హద్దు, G2 పై హద్దు. 2,000 చొప్పున ఇంప్రెషన్లతో తేడా 1 శాతం పాయింటు, దాని దోషం 0.72 పాయింట్లు. అంతరం మైనస్ 0.41 నుంచి ప్లస్ 2.41 దాకా వస్తుంది. అంటే మనిషి బొమ్మ దాదాపు రెండున్నర పాయింట్లు మెరుగు కావచ్చు, లేదా అర పాయింటుకు కాస్త తక్కువగా వెనకబడినదీ కావచ్చు. సున్నా కూడా ఈ హద్దుల లోపలే ఉంది. సున్నా లోపల ఉన్నంతవరకు, తేడా అసలు లేదనే అవకాశాన్ని ఈ అంకెలు కొట్టిపారేయలేవు.

ఇప్పుడు అదే పరీక్ష 5,000 చొప్పున నడిచిందనుకుందాం. రేట్లు మారలేదు, క్లిక్కులు 250, 300. విడివిడి అంతరాలు కూర బొమ్మకు 4.40 నుంచి 5.60, మనిషి బొమ్మకు 5.34 నుంచి 6.66. 5.34కు, 5.60కు మధ్య అవి ఒకదానిమీద ఒకటి పడుతూనే ఉన్నాయి. కానీ తేడాకు కట్టిన అంతరం 0.11 నుంచి 1.89. అందులో సున్నా లేదు. విడివిడి హద్దులు చూసినవాళ్లు ఏమీ తేలలేదంటారు. తేడా హద్దులు చూసినవాళ్లకు తేలినట్టే. రెండోవాళ్లదే సరైన లెక్క. కూర బొమ్మ అసలు రేటు దాని పై అంచున ఉండి, అదే సమయంలో మనిషి బొమ్మ అసలు రేటు దాని కింది అంచున ఉండటం, రెండూ ఒకేసారి జరగడం అరుదు. విడివిడి హద్దులను పోల్చే పద్ధతి ఆ అరుదైన సందర్భాన్నే మామూలుగా జరిగేదన్నట్టు చూస్తుంది.

విడివిడి అంతరాలు అసలు తాకకపోతే మాత్రం తేడా ఉన్నట్టే. తాకినప్పుడు తేడా లేదని అనడమే పొరపాటు.

పి-విలువ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇదే సమాచారాన్ని మరో వైపు నుంచి చెప్పేది పి-విలువ. రెండు బొమ్మల అసలు రేట్లు సమానమని కాసేపు ఒప్పుకుందాం. దీన్ని శూన్య పరికల్పన అంటారు. అది నిజమే అయితే, ఇప్పుడు కనబడినంత తేడా గానీ అంతకుమించిన తేడా గానీ కేవలం యాదృచ్ఛికంగా రావడానికి ఎంత అవకాశం ఉంది? ఆ సంభావ్యతే పి-విలువ. 2,000 చొప్పున చేసిన పరీక్షకు అది 0.165, అంటే ముందు చెప్పిన ఆరింట ఒకటి. 5,000 చొప్పున చేసినదానికి 0.028. అదే రేట్లు 10,000 చొప్పున వస్తే 0.002.

పి-విలువ 0.05 కంటే తక్కువైతే తేడా గణాంకపరంగా సార్థకమని అనడం ఆనవాయితీ. ఆ 5 శాతం గీతకు రోనాల్డ్ ఫిషర్ 1925లో ప్రచురించిన పుస్తకంతో ప్రచారం వచ్చింది. అది మనుషులు సౌలభ్యం కోసం పెట్టుకున్న గీత. 0.049కి, 0.051కి మధ్య ప్రపంచమేమీ మారదు. ఒక బొమ్మ ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే పోయేది కొన్ని క్లిక్కులు కాబట్టి కొందరు 0.10 దగ్గర గీత గీసుకుంటారు. అలా చేయవచ్చు, కానీ గీత ఎక్కడన్నది పరీక్షకు ముందే నిర్ణయించుకోవాలి. ఫలితం చూశాక గీత జరిపితే ఆ గీతకు విలువ ఉండదు.

పి-విలువను తప్పుగా చదవడం చాలా తేలిక. 0.028 అంటే మనిషి బొమ్మ మెరుగైనదయ్యే అవకాశం 97.2 శాతం అని కాదు. తేడా లేదని ఒప్పుకుని లెక్కించిన సంభావ్యతను, తేడా లేకపోవడానికి ఉన్న సంభావ్యతగా తిప్పి చెప్పకూడదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి-విలువలపై విడుదల చేసిన ప్రకటనలో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. పి-విలువ తేడా పరిమాణాన్ని గానీ, ఫలితం ప్రాధాన్యాన్ని గానీ కొలవదని కూడా అందులో చెప్పారు.

అందుకే పి-విలువ ఒక్కటే చూడటం కంటే తేడా హద్దులు చూడటం ఉపయోగకరం. సున్నా లోపల ఉందో లేదో హద్దుల్లోనే కనబడుతుంది కాబట్టి సార్థకత సంగతి అందులోనే తెలిసిపోతుంది. దానితోపాటు తేడా ఎంత చిన్నదై ఉండవచ్చు, ఎంత పెద్దదై ఉండవచ్చు అన్నది కూడా తెలుస్తుంది. 5,000 చొప్పున చేసిన పరీక్షలో కింది హద్దు 0.11. నిజమైన లాభం వెయ్యి ఇంప్రెషన్లకు ఒక్క క్లిక్కే కావచ్చన్నమాట. కొత్త బొమ్మకు ఫోటోగ్రాఫర్‌ను పిలిచి ఖర్చు పెట్టాల్సి వస్తే ఆ ఒక్క క్లిక్కు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. సార్థకం అన్న ముద్ర ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఎంతమందికి చూపాలి

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు, ఎందుకంటే గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. ప్రేక్షకులు అలా కాదు. నూటికి అయిదుగురే క్లిక్ చేసే చోట, ఆ అయిదు ఆరైందా అని చూడటానికి వేలమంది కావాలి.

ఎన్ని వేలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, ఇప్పుడున్న రేటు. రెండు, పట్టుకోవాలనుకుంటున్న కనీస తేడా. మూడు, ఆ తేడా నిజంగా ఉంటే దాన్ని పరీక్ష పట్టుకునే అవకాశం. దీన్ని పరీక్ష శక్తి అంటారు, సాధారణంగా 80 శాతంగా పెట్టుకుంటారు. రేటు 5 శాతం, పట్టుకోవాల్సిన తేడా 1 శాతం పాయింటు, సార్థకత గీత 0.05 అయితే ఒక్కో బొమ్మకు సుమారు 8,150 ఇంప్రెషన్లు కావాలి. తేడా అర పాయింటే అయితే ఆ సంఖ్య సుమారు 31,200కు పెరుగుతుంది. తేడా సగమైతే అవసరం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

2,000 చొప్పున చేసిన పరీక్ష ఎందుకు తేలలేదో ఇప్పుడు అర్థమవుతుంది. అసలు తేడా ఒక పాయింటే అయితే, అంత చిన్న పరీక్ష దాన్ని పట్టుకునే అవకాశం 28 శాతమే. నాలుగింట మూడుసార్ల దాకా తేలలేదనే ఫలితమే వస్తుంది.

చిన్న పరీక్షతో మరో ప్రమాదం ఉంది, అది అంత తేలిగ్గా కంటపడదు. 2,000 చొప్పున ఉన్నప్పుడు తేడా దాదాపు 1.4 పాయింట్లు దాటితే తప్ప సార్థకం కాదు. అసలు తేడా ఒక పాయింటే అనుకుంటే, సార్థకమని బయటపడిన ప్రతి ఫలితమూ దాన్ని 1.4గానో అంతకు పైగానో చూపిస్తుంది. అంటే గెలిచిన పరీక్షలన్నీ లాభాన్ని ఎక్కువ చేసి చెబుతాయి. పరీక్షలో 30 శాతం పెరుగుదల చూపిన బొమ్మ, అందరికీ పెట్టాక అంత పెరుగుదల చూపలేకపోవడానికి సాధారణ కారణం ఇదే. ప్రేక్షకుల అభిరుచి మారిందని వెతుక్కోవలసిన పని లేదు.

మధ్యలో చూసి ఆపేస్తే

95 శాతం హద్దులకు, 0.05 గీతకు ఒక షరతు ఉంది. ఎన్ని ఇంప్రెషన్లకు ఆపాలో ముందే అనుకుని, అక్కడికి చేరాక ఒక్కసారి చూడాలి. వాస్తవంలో జరిగేది అలా ఉండదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి డ్యాష్‌బోర్డు తెరిచి, పి-విలువ 0.05 కిందికి దిగగానే పరీక్ష ఆపేసి విజేతను ప్రకటిస్తారు.

రెండు బొమ్మల మధ్య ఏ తేడా లేదనుకుందాం. ఒక్కసారే చూస్తే తప్పుడు విజేత బయటపడే అవకాశం 5 శాతం. సమాచారం పోగవుతుండగా సమాన దూరాల్లో అయిదుసార్లు చూసి, ఎప్పుడు గీత దాటితే అప్పుడు ఆపేస్తే ఆ అవకాశం 14 శాతానికి పెరుగుతుంది. పదిసార్లు చూస్తే 19 శాతం, ఇరవైసార్లు చూస్తే దాదాపు 25 శాతం. పి. ఆర్మిటేజ్, మరో ఇద్దరు సహచరులు 1969లోనే ఈ లెక్కలు ప్రచురించారు. ఆ పరిశోధన వైద్య పరీక్షల అవసరాల నుంచి పుట్టింది, కానీ క్లిక్కులకూ అదే వర్తిస్తుంది.

కారణం సులభం. తేడా అంకె రోజురోజుకూ పైకీ కిందికీ ఊగుతుంటుంది. ఎక్కువసార్లు చూసేకొద్దీ ఏదో ఒకసారి అది గీతకు అవతల ఉన్నప్పుడే కంటపడే అవకాశం పెరుగుతుంది. అక్కడే ఆపితే, మళ్లీ వెనక్కి వచ్చే అవకాశం దానికి ఇవ్వనట్టే. మధ్యలో చూడటం తప్పనిసరైతే, అందుకోసమే తయారైన క్రమానుగత పరీక్షా పద్ధతులు ఉన్నాయి. వాటిలో ప్రతి చూపుకూ గీతను మరింత కఠినంగా పెడతారు. అవి చేతిలో లేనప్పుడు, ముందే ఇంప్రెషన్ల సంఖ్య రాసిపెట్టుకుని అక్కడిదాకా ఆగడం అందరూ చేయగలిగినది.

మూడు నాలుగు బొమ్మలు ఒకేసారి పోల్చినా ఇలాంటి ఇబ్బందే. మూడు బొమ్మలంటే మూడు జతల పోలికలు. ప్రతి పోలికలోనూ పొరపాటుకు తావుంది. 0.05ను పోలికల సంఖ్యతో భాగించి, ఒక్కో జతకు దాదాపు 0.017 గీతగా పెట్టుకోవడం అన్నిటికంటే సాదా పరిష్కారం.

లెక్క సరైనా పోలిక తప్పయ్యే చోట్లు

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ ఒక పునాది మీద నిలిచాయి. ఎవరికి ఏ బొమ్మ కనబడాలన్నది లాటరీ నిర్ణయించింది. ఆ పునాది లేకపోతే ఎంత సన్నని హద్దులు వచ్చినా ఉపయోగం లేదు. ఛానళ్లు నడిపేవాళ్లు తరచూ చేసే పని, కొన్నాళ్లు ఒక బొమ్మ పెట్టి, తర్వాత మరో బొమ్మకు మార్చి, ముందూ వెనకా సీటీఆర్ పోల్చడం. వీడియో విడుదలైన తొలి రోజుల్లో అది ఎక్కువగా సబ్‌స్క్రైబర్లకు కనబడుతుంది. తర్వాత హోమ్ పేజీలో, ఇతర వీడియోల పక్కన సూచనల్లో కొత్తవాళ్లకు చేరుతుంది. కొత్తవాళ్లు అంతగా క్లిక్ చేయరు.

సబ్‌స్క్రైబర్లు నూటికి 8 మంది, కొత్తవాళ్లు నూటికి ముగ్గురు క్లిక్ చేస్తారనుకుందాం. ఏ బొమ్మ పెట్టినా ఇంతే. తొలి రోజుల్లో ఇంప్రెషన్లలో 60 శాతం సబ్‌స్క్రైబర్లవైతే రేటు 6 శాతం వస్తుంది. తర్వాతి రోజుల్లో వాళ్ల వాటా 20 శాతానికి పడిపోతే రేటు 4 శాతం. బొమ్మల్లో ఏ తేడా లేకపోయినా మొదటి బొమ్మ రెండు పాయింట్లు మెరుగ్గా కనబడుతుంది. 10,000 చొప్పున ఇంప్రెషన్లుంటే తేడా హద్దులు 1.4 నుంచి 2.6, సున్నాకు ఎంతో దూరం. పి-విలువ అతి చిన్నది. ఈ తేడా యాదృచ్ఛికం కాదన్నది నిజమే. కానీ దానికి కారణం బొమ్మ కాదు, చూసినవాళ్లు మారడం. సార్థకత పరీక్ష మొదటి సంగతిని మాత్రమే చెప్పగలదు, రెండోది చెప్పలేదు.

రెండో చోటు ఇంప్రెషన్లను లెక్కించే తీరు. ఒకే మనిషికి అదే బొమ్మ అయిదుసార్లు కనబడితే అవి అయిదు ఇంప్రెషన్లు. కానీ వంకాయంటే పడనివాడు అయిదుసార్లూ దాటేసిపోతాడు. అవి అయిదుగురు వేర్వేరు మనుషుల అభిప్రాయాలతో సమానం కావు. పైన వాడిన సూత్రం మాత్రం ప్రతి ఇంప్రెషన్‌నూ విడి అభిప్రాయంగానే లెక్కిస్తుంది. దాంతో హద్దులు ఉండవలసినదానికంటే ఇరుకుగా వస్తాయి. ఒక్కొక్కరు అయిదుసార్లు చూసి, ఒకే మనిషి స్పందనల మధ్య సహసంబంధం 0.1 ఉంటే, హద్దుల వెడల్పు దాదాపు 18 శాతం పెంచాలి. 5,000 చొప్పున చేసిన పరీక్షకు ఇది వర్తింపజేస్తే 0.11 నుంచి 1.89 కాస్తా మైనస్ 0.06 నుంచి 2.06 అవుతుంది. సార్థకమనుకున్న ఫలితం సార్థకం కాకుండా పోయింది. లాటరీ మనుషులకు వేసినప్పుడు లెక్క కూడా మనుషుల వారీగానే కట్టాలి. చూసినవాళ్లలో కనీసం ఒకసారైనా క్లిక్ చేసినవాళ్లు ఎందరన్నది లెక్కపెట్టడం దీనికి తేలిక మార్గం.

మూడో చోటు కొలత. కంగారుపెట్టే బొమ్మ క్లిక్కులు రాబట్టవచ్చు, కానీ లోపల ఆ సంగతి లేకపోతే ప్రేక్షకుడు పది సెకన్లలో వెళ్లిపోతాడు. యూట్యూబ్ సొంతంగా ఇస్తున్న థంబ్‌నెయిల్ పోలిక సదుపాయం ఈ కారణంతోనే క్లిక్ రేటు మీద తీర్పు చెప్పదు. మూడు బొమ్మల దాకా పెట్టనిచ్చి, ఒకే కాలంలో వాటిని వేర్వేరు ప్రేక్షకులకు చూపి, మొత్తం వీక్షణ సమయంలో ఏ బొమ్మకు ఎంత వాటా వచ్చిందో చెబుతుంది. అందుకు రెండు వారాల దాకా పట్టవచ్చు. తేడా తేలనప్పుడు తేలలేదనే చెబుతుంది. అలాంటి ఫలితాన్ని పరీక్ష విఫలమైనట్టు చూడకూడదు.

ఫలితాన్ని చదివే క్రమం

తేడా హద్దులు చేతికి వచ్చాక వాటిని పరీక్షకు ముందే అనుకున్న ఒక అంకెతో పోల్చాలి. ఎంత మెరుగైతే బొమ్మ మార్చడం గిట్టుబాటవుతుందన్నదే ఆ అంకె. అది అర పాయింటు అనుకుందాం. హద్దులు పూర్తిగా అర పాయింటుకు పైన ఉంటే మార్చవచ్చు. సున్నాకు పైనుండి అర పాయింటుకు అటూఇటూ ఉంటే, మెరుగు ఉంది గానీ ఖర్చుకు సరిపడుతుందో లేదో తేలలేదు. 10,000 చొప్పున చేసిన పరీక్ష అలాంటిదే; దాని హద్దులు 0.37 నుంచి 1.63. బొమ్మ మార్చడానికి ఖర్చేమీ లేకపోతే అక్కడే నిర్ణయం తీసుకోవచ్చు, ఖర్చుంటే ఇంకొంత పెద్ద పరీక్ష కావాలి.

హద్దులు సున్నాను కలుపుకుని వెడల్పుగా ఉంటే, 2,000 చొప్పున చేసినదానిలాగా, పరీక్ష చిన్నదైపోయిందని అర్థం. హద్దులు సున్నాకు అటూఇటూ బాగా ఇరుకుగా, ఉదాహరణకు మైనస్ 0.2 నుంచి ప్లస్ 0.2 దాకా ఉంటే అది పూర్తిగా వేరే సంగతి. రెండు బొమ్మలూ ఆచరణలో సమానమని అది గట్టిగానే చెబుతోంది. పి-విలువ ఈ రెండు సందర్భాల్లోనూ 0.05 పైనే ఉంటుంది. సార్థకం కాదనే ఒకే ముద్ర పడుతుంది. ఒకదాంట్లో ఇంకా చూపిస్తూ పోవాలి, రెండోదాంట్లో ఆ బొమ్మల సంగతి వదిలి మరో రకం బొమ్మ ప్రయత్నించాలి. ఏది చేయాలో హద్దుల వెడల్పును బట్టే తెలుస్తుంది.